ఐదు ఇంజెక్షన్లు, మూడు బ్లీడింగ్‌లు

మా తమ్ముడికి హీమోఫీలియా ఎ. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 వాడి ఒంట్లో దాదాపు లేదు. అమ్మ, వాడు ఆదిలాబాద్‌లో ఉంటారు. నేను కరీంనగర్‌లో చదువుకుంటున్నా. బ్లీడింగ్ అయినప్పుడల్లా అమ్మ నోట్‌బుక్‌లో రాసి, ఫొటో వాట్సాప్‌లో పంపుతుంది. నెలాఖరున దాన్ని పట్టికగా మార్చడం నా పని.

జులై పేజీలో ఐదు ఇంజెక్షన్లున్నాయి. అంటే ఐదు బ్లీడింగ్‌లా? కాదు. ఒక బ్లీడింగ్‌కి ఒకే వరస రాయాలి. మందు ఆపిన 72 గంటల్లోపు అదే కీలు మళ్లీ వాస్తే అది కొత్తది కాదు, పాతదే తిరగబెట్టింది. అట్లా చూస్తే మూడే వరసలు:

జులై 3: కుడి మోకాలు, దెబ్బ లేదు, 1000 + 1000, బాగుంది.
జులై 14: ఎడమ మోచేయి, సైకిల్ మీంచి పడ్డాడు, 1000, చాలా బాగుంది.
జులై 22: కుడి మోకాలు, దెబ్బ లేదు, 1000 + 1000, బాగుంది.

మోతాదు దగ్గర అమ్మ "రెండు సీసాలు" అని రాస్తుంది. కానీ సీసాలు 250, 500, 1000 యూనిట్లలో వస్తాయి. అందుకే లేబుల్ చూసి యూనిట్లే రాయమంటా. కిలోకి ఒక యూనిట్ ఇస్తే ఫ్యాక్టర్ సుమారు 2 శాతం పెరుగుతుంది. వాడు 40 కిలోలు కాబట్టి 1000 యూనిట్లకి సుమారు 50 శాతం.

ఫలితం గడిలో "తక్కువైంది" అంటే చాలదు. ఒక్క డోసుతో 8 గంటల్లో నొప్పి పూర్తిగా పోయి, 72 గంటల్లో ఇంకో డోసు అవసరం పడకపోతే "చాలా బాగుంది". 8 గంటల్లో బాగా తగ్గినా మరో డోసు కావాల్సొస్తే "బాగుంది". అందుకే తమ్ముడి ఫోన్‌లో 8 గంటలకి అలారం పెట్టించా.

అన్నిటికన్నా కష్టం కారణం గడి. 22వ తేదీన అమ్మ "ఆడుకున్నడు" అని రాసింది. ఫోన్ చేశా.

"పడ్డడా అమ్మా? దెబ్బ గిట్ల తాకిందా?"

"లేదు బిడ్డా. పొద్దున లేచేసరికే వాచింది."

అయితే అది దానంతటదే వచ్చింది. ఈ తేడా పెద్దది. ఆరు నెలల్లో ఒకే కీలులో మూడుసార్లు దానంతటదే రక్తం కారితే దాన్ని టార్గెట్ జాయింట్ అంటారు. అక్కడ మృదులాస్థి అరుగుతూ పోతుంది. జూన్ పట్టికలోనూ కుడి మోకాలు ఒకసారి ఉంది, అదీ దెబ్బ లేకుండానే. జులైతో కలిపి మూడు.

ఓపీలో డాక్టర్ గారు ఆ మూడు వరసల కింద గీత గీశారు. వాచాక మందివ్వడం కాదు, వాయకముందే వారం వారం ఇచ్చే పద్ధతి గురించి మాట్లాడారు. రెండేసి డోసులు పడుతున్నాయి కాబట్టి మందుని అడ్డుకునే ఇన్హిబిటర్లు తయారయ్యాయేమో రక్తపరీక్ష కూడా రాశారు. ఆ సంగతి మాత్రం నా పట్టిక చెప్పలేదు, పరీక్షే చెప్పాలి.