నాలుగేళ్లకొకసారి పుట్టినరోజు... మరి వయసు ఎంత?

మా అమ్మాయి 2016 ఫిబ్రవరి 29న పుట్టింది. జనన నమోదుకు వివరాలు ఇచ్చేటప్పుడు బంధువుల్లో ఇద్దరు ముగ్గురు "మార్చి 1 అని రాయించెయ్యండమ్మా, పిల్లకి ఏటా పుట్టినరోజు వస్తుంది" అన్నారు. మేం ఒప్పుకోలేదు. ఆస్పత్రి రికార్డులో ఒక తేదీ, సర్టిఫికెట్‌లో ఇంకో తేదీ ఉంటే రేపు ఆధార్ దగ్గరా, పదో తరగతి మార్కుల జాబితా దగ్గరా తిరగాల్సింది మనమే కదా! అందుకే ఉన్నది ఉన్నట్టే రాయించాం.

పుట్టినరోజు కేక్ ఎప్పుడు కోయాలన్నది మా ఇంట్లో పెద్ద సమస్య కాదు. అసలు సమస్య అమ్మాయిని కోరుకొండ సైనిక్ స్కూల్ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయిద్దామనుకున్నప్పుడు వచ్చింది. మన గజపతినగరం పిల్లలకు అది సొంత జిల్లాలోనే ఉన్న స్కూలు. ఇప్పుడు ఆడపిల్లలకూ ప్రవేశం ఉంది. 2026 ప్రవేశాలకు ఆ ఏడాది మార్చి 31 నాటికి పది నుంచి పన్నెండేళ్ల మధ్య వయసు ఉండాలి. మా అమ్మాయికి పదేళ్లు నిండి నెల దాటుతుందా, దాటదా? ముందుగా ఒక కాగితం మీద లెక్క వేసి చూద్దామనుకున్నాం.

మా మావయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు. తేదీ కింద తేదీ వేసి తీసివేశారు. 31లోంచి 29 పోతే రెండు రోజులు, మూడో నెలలోంచి రెండో నెల పోతే ఒక నెల, 2026లోంచి 2016 పోతే పదేళ్లు. అంటే 10 సంవత్సరాల 1 నెల 2 రోజులు. మావారు క్యాలెండర్ ముందు పెట్టుకుని, 2026లో ఫిబ్రవరి 29 లేదు కాబట్టి 28నే పదేళ్లు నిండాయనుకున్నారు. అక్కడి నుంచి మార్చి 28కి నెల, ఆ పైన మూడు రోజులు. ఆయన లెక్క 10 సంవత్సరాల 1 నెల 3 రోజులు. నేను మార్చి 1న పదేళ్లు నిండాయనుకుని లెక్కించాను. మార్చి 31 నాటికి ఇంకా నెల నిండలేదు, ముప్ఫై రోజులే. నాది 10 సంవత్సరాల 0 నెలల 30 రోజులు.

ఒకే పిల్ల, ఒకే తేదీ, మూడు జవాబులు. వీటిలో ఏదీ కూడికలో, తీసివేతలో తప్పు కాదు. రోజులకు కొలత ఉంది గానీ నెలకు స్థిరమైన కొలత లేదు. ఒక నెల 28 రోజులు, ఒకటి 31. ఏ తేదీని వార్షికోత్సవంగా తీసుకున్నామన్నదాన్ని బట్టి నెలలూ రోజులూ అటూ ఇటూ జరుగుతాయి. మొత్తం రోజులు మాత్రం జరగవు. కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరిచి, A1 గడిలో పుట్టిన తేదీ, B1 గడిలో మార్చి 31 వేసి, ఇంకో గడిలో ఇలా కొడితే 3683 అని వస్తుంది:

```
=B1-A1
```

జవాబు తేదీ రూపంలో కనిపిస్తే ఆ గడిని నంబర్‌గా మార్చుకోవాలి. ఇంట్లో లెక్కలు కలవనప్పుడు ఈ అంకెతో సరిచూసుకోవచ్చు.

మరి ఏ పద్ధతి వాడాలి? నాకు నచ్చింది ముందుకు నడిచే పద్ధతి. పుట్టిన తేదీ నుంచి మొదట నిండిన సంవత్సరాలు లెక్కపెట్టాలి. తర్వాత అదే తేదీ పట్టుకుని నిండిన నెలలు. చివర మిగిలినవి రోజులు. నెలలో ఆ తేదీ లేకపోతే ఆ నెల ఆఖరి రోజును తీసుకుంటాం. తర్వాతి నెలలో మళ్లీ అసలు తేదీకి వచ్చేయాలి. ఈ ప్రకారం మా అమ్మాయికి ఫిబ్రవరి 28కి పదేళ్లు, మార్చి 29కి ఒక నెల, మార్చి 31కి ఇంకో రెండు రోజులు. మావయ్యగారి జవాబే వచ్చింది.

అలాగని తీసివేత ప్రతిసారీ పని చేయదు. జనవరి 31, 2016న పుట్టిన బాబుకి 2026 మార్చి 1 నాటికి వయసు తీసి చూడండి. ఒకటిలోంచి 31 పోదు. ఫిబ్రవరి నుంచి అప్పు తెస్తే వచ్చేది 28 రోజులే. ఒకటీ కలిపి 29. ఇంకా రెండు రోజులు తక్కువే! అప్పును ముప్ఫై రోజులుగా తీసుకుంటే జవాబు సున్నా రోజులు అని వస్తుంది, అదీ క్యాలెండర్‌కు కుదరదు. ముందుకు నడిస్తే చిక్కు లేదు. జనవరి 31కి పదేళ్లు, ఫిబ్రవరి 28కి ఒక నెల, మార్చి 1కి ఒక రోజు.

అయితే ప్రవేశం దగ్గర ఈ నెలా రెండు రోజులు చూడనక్కర్లేదు. వయసు పరిమితిని తేదీలుగా మార్చి చూస్తే చాలు. 2026 ఆరో తరగతికి 2014 ఏప్రిల్ 1 నుంచి 2016 మార్చి 31 వరకు, ఆ రెండు రోజులతో సహా, పుట్టినవారే అర్హులు. ఫిబ్రవరి 29 ఆ మధ్యలో ఉంది. మా ముగ్గురి లెక్కల్లో ఏది నెగ్గినా అమ్మాయి అర్హురాలే. అదే 2016 మార్చి 31న పుట్టిన పిల్లకి అర్హత ఉంది, మర్నాడు ఏప్రిల్ 1న పుట్టిన పిల్లకి లేదు. ఒక్క రోజు తేడా!

ఈ ఒక్క రోజు పెద్దవాళ్లనూ వదలదు. మన న్యాయస్థానాలు పుట్టిన రోజును కూడా ఒక పూర్తి రోజుగా లెక్కిస్తాయి. అందువల్ల ఒక ఏడు పుట్టినరోజుకు ముందు రోజుతోనే నిండిపోతుంది. రాజస్థాన్‌లో ఒక ఉద్యోగానికి జనవరి 1, 1984 నాటికి 28 ఏళ్లు నిండి ఉండకూడదన్నారు. అభ్యర్థి పుట్టింది జనవరి 2, 1956. ఇంకా ఒక రోజు ఉందనుకున్నాడు. 1986లో సుప్రీంకోర్టు జనవరి 1తోనే 28 నిండాయని తేల్చింది. నెల ఒకటో తేదీన పుట్టిన ప్రభుత్వ ఉద్యోగులు ముందు నెల ఆఖరి రోజునే రిటైరయ్యేదీ ఇందుకే. 62 ఏళ్లకు రిటైరయ్యే మన రాష్ట్ర ఉద్యోగుల్లో 1964 ఫిబ్రవరి 29న పుట్టినవారు, మార్చి 1న పుట్టినవారు ఇద్దరూ 2026 ఫిబ్రవరి 28నే దిగిపోతారు.

మరి మా అమ్మాయికి 18 ఏళ్లు ఎప్పుడు? 2034లో ఫిబ్రవరి 29 లేదు. పై లెక్క ప్రకారం ఫిబ్రవరి 28తో 18 నిండుతాయి. హాంకాంగ్‌లో అయితే ఇలాంటివారి పుట్టినరోజు లీపు కాని ఏడాది మార్చి 1 అని చట్టంలోనే రాసుకున్నారు. మనం మార్చి 1 దాటాక దరఖాస్తు చేస్తే ఏ లెక్కకైనా సరిపోతుంది.

ఒక సంగతి. నాలుగేళ్లకొకసారి అన్నదీ పూర్తిగా నిజం కాదు. మన ప్రధానిగా పనిచేసిన మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. 1900 లీపు సంవత్సరం కాదు. వందతో పోయే ఏడాది నాలుగు వందలతో కూడా పోతేనే లీపు. అందుకే ఆయన మొదటి ఫిబ్రవరి 29 పుట్టినరోజు 1904లో, ఎనిమిదేళ్లకు వచ్చింది. 2100 కూడా అలాంటిదే. 2096లో ఎనభయ్యో పుట్టినరోజు చేసుకున్నాక, మా అమ్మాయి తర్వాతి దానికి 2104 వరకు ఆగాలి.

మీ ఇంట్లో ఫిబ్రవరి 29 పిల్లలుంటే ఫారంలో తేదీని ఉన్నది ఉన్నట్టే రాయండి. నెలలూ రోజులూ అడిగితే ముందుకు నడిచి లెక్కపెట్టండి. అర్హత చూసుకునేటప్పుడు మాత్రం నోటిఫికేషన్‌లో రాసిన మొదటి తేదీ, ఆఖరి తేదీ చూడండి. అక్కడ లెక్కకు వచ్చేవి అవే.