కుదరదు తమ్ముడూ, గంటలు లెక్కేశాను

ఏప్రిల్ వస్తే మనలో నలుగురు చదువుకున్నవాళ్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. 5న జగ్జీవన్ రామ్ జయంతి, 11న ఫూలే జయంతి, 14న అంబేద్కర్ జయంతి. పది రోజుల్లో మూడు. ప్రతి పల్లెకీ ఒక మీటింగ్, ఒక పాట, ఒక నాటిక కావాలి. పిలిచేది మాత్రం ఆ నలుగురినే. ఈసారి నేను ఒక పిలుపుకి కుదరదని చెప్పాను. ఎలా చెప్పానో, ఎందుకు చెప్పానో రాస్తున్నాను. రేపు మీకూ ఇదే ఫోన్ వస్తుంది కాబట్టి.

గుంటూరు వైపు ఒక పల్లె. అంబేద్కర్ కమ్యూనిటీ హాలు ఉంది. యూత్ తమ్ముడొకడు మార్చి 29న ఫోన్ చేశాడు. "అక్కా, ఈసారి 14 సాయంత్రం కల్చరల్ ప్రోగ్రామ్ మొత్తం నువ్వే నడిపించాలి. పిల్లల పాటలు, డప్పు, ఒక నాటిక. నువ్వొస్తే చాలు" అన్నాడు. 

ఈ "నువ్వొస్తే చాలు" దగ్గరే ఆగి ఆలోచించాలి. పిలిచేవాళ్లకి నడిపించడమంటే ఆ సాయంత్రం స్టేజీ మీద మైకు పట్టుకోవడం. నిజానికి అది ఆఖరి మూడు గంటల పని. అసలు పనంతా దానికి ముందు ఉంటుంది. అందుకే "ఒక్క గంట టైమివ్వు తమ్ముడూ" అని ఫోన్ పెట్టేసి, కాగితం తీసుకుని లెక్క వేశాను.

ముందు నాటిక. ఇరవై ఐదు నిమిషాలది, ఏడుగురు మనుషులు, ఎవరూ ఇంతకుముందు వేషం వేసినవాళ్లు కాదు. అలాంటివాళ్లకి పది రిహార్సల్స్ కంటే తక్కువైతే కుదరదు. మొదటి రెండు చదవడానికి, తర్వాత మూడు మాటలు నోటికి రావడానికి, ఇంకో మూడు స్టేజీ మీద ఎవరు ఎటు నడవాలో తేలడానికి, చివరి రెండు మొదట్నుంచి చివరిదాకా ఆగకుండా వేయడానికి. ఐదో రిహార్సల్‌కి కూడా చేతిలో కాగితం ఉందంటే ఆ నాటిక 14కి అందదని అర్థం. కాగితం చేతిలో ఉన్న మనిషి ఎదుటి మనిషి మొహం చూడలేడు.

ఆ రిహార్సల్ ఎప్పుడు పెట్టాలి? ఇది మిరప కోతల కాలం. వేషం వేసేవాళ్లలో నలుగురు కోతకెళ్లే ఆడపిల్లలే. తెల్లారకముందే ఆటో ఎక్కి పొద్దుగూకాక దిగుతారు. స్నానం చేసి అన్నం తిని హాలుకొచ్చేసరికి ఏడున్నర. తొమ్మిదికి కళ్లు మూతలు పడతాయి. అంటే రోజుకి గంటన్నర. పది రోజులకి పదిహేను గంటలు.

పిల్లల పాటలకి ఆరు గంటలు, డప్పుకి ఆరు గంటలు. మైకులు, లైట్లు, వరస రాయడం, రానివాళ్ల ఇంటికెళ్లి పిలుచుకురావడం, వీటికి ఎనిమిది. మొత్తం ముప్పై ఐదు గంటలు. ఇంకా 14వ తేదీ రాలేదు.

ఆ రోజు పని కూడా చిన్నది కాదు. ఒక్క డప్పు సంగతి చూడండి. తోలు డప్పుని మంట దగ్గర కాచి బిగువు తెప్పించాలి. హాల్లో మంట పెట్టలేం, బయట కాచి లోపలికి తేవాలి. ఈలోగా వేదిక మీద ఒక పెద్దమనిషి ఐదు నిమిషాలని నలభై నిమిషాలు మాట్లాడితే తోలు మళ్లీ సడలిపోతుంది, మళ్లీ కాయాలి. కాబట్టి నడిపించే మనిషి మంట దగ్గర ఒకరిని, స్టేజీ పక్కన ఒకరిని పెట్టి, పెద్దమనిషికి చీటీ పంపగలగాలి. పాటల వరస తప్పి, నాటిక జరగక, జనం లేచిపోతుంటే ఎవరో డీజే బాక్సులో సినిమా పాట పెట్టేస్తారు. చాలా జయంతులు అలా ముగియడానికి కారణం పిల్లలకి చైతన్యం లేకపోవడం కాదు. ఎవరూ ఈ ముప్పై ఐదు గంటలు పెట్టకపోవడం.

ఇప్పుడు నా గంటలు. కాలేజీ నుంచి ఇల్లు చేరేసరికి ఆరున్నర. దిద్దాల్సిన పేపర్లు నూట ఇరవై, ఒక్కోదానికి పది నిమిషాలు, అంటే ఇరవై గంటలు. 11న ఇంకోచోట ఫూలే మీద మాట్లాడతానని ముందే ఒప్పుకున్నాను. ఆ పల్లెకి వెళ్లడానికి నలభై ఐదు నిమిషాలు, రావడానికి నలభై ఐదు. అన్నీ తీసేస్తే మిగిలింది తొమ్మిది గంటలు. ముప్పై ఐదు ఎక్కడ, తొమ్మిది ఎక్కడ!

గంట తర్వాత నేనే ఫోన్ చేశాను. "కుదరదు తమ్ముడూ. ముప్పై ఐదు గంటల పని, నా దగ్గర తొమ్మిది ఉన్నాయి" అన్నాను. "చూద్దాంలే" అనలేదు. నేను చూద్దాం అంటే వాళ్లు ఇంకొకరిని అడగరు. నాలుగు రోజులాగి కాదంటే పది రిహార్సల్స్‌లో నాలుగు నేను తినేసినట్టే. ఒంట్లో బాలేదని కూడా అనలేదు. ఆ మాటంటే "తగ్గాక రా అక్కా" అంటారు, ఆశ అలాగే ఉంటుంది. గంటల లెక్క చెప్తే పనెంత పెద్దదో వాళ్లకీ తెలుస్తుంది.

సాయంత్రం ఆ పల్లె పెద్దాయన ఫోన్ చేశాడు. 1956 మార్చి 18న ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్నవాళ్ల గురించి పడ్డ బాధ గుర్తుచేశాడు. "డాక్టరేట్ వచ్చాక పల్లె కనపడదులేమ్మా" అన్నాడు. మనలో ఎవరైనా కుదరదంటే ముందు తగిలేది ఈ రాయే. తగిలింది, అబద్ధమెందుకు! కానీ ఆయన బాధపడింది చదువుకుని తన పొట్ట తాను చూసుకున్నవాళ్ల గురించి. ఉన్న గంటలెన్నో చెప్పి, చేయగలిగింది చేస్తానన్నవాళ్ల గురించి కాదు. "తొమ్మిది గంటలతో ఒప్పుకుని 14న మీ పిల్లల్ని జనం ముందు నవ్వులపాలు చేయమంటారా బాబాయ్?" అని అడిగాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆయనకి చెప్పలేకపోయిన ఇంకో మాట ఉంది. నా డాక్టరేట్ తెలుగు సాహిత్యంలో. ఒక పాట ఎప్పటిదో, ఎందుకు పుట్టిందో చెప్పగలను. ఏడుగురిని ఒకచోట నిలబెట్టి నడిపించడం వేరే విద్య. ఆ విద్య వాళ్ల పల్లెలోనే ఉంది. ప్రతి డిసెంబర్‌లో చర్చిలో క్రిస్మస్ నాటిక వేయించే అక్క ఉంది. ముప్పై నలభై మంది పిల్లలు, గొర్రెల కాపరులు, దేవదూతలు, ఆ గోలంతా ఏటా ఆమే నడుపుతుంది. కానీ ఆమె చదివింది పదో తరగతి, పేరు ముందు డాక్టర్ లేదు. అందుకే జయంతికి ఎవరికీ గుర్తురాదు. మనల్ని పిలిచిన ప్రతిసారీ అలాంటి ఒక అక్కని పక్కన పెడుతున్నారు. మనం ఒప్పుకున్న ప్రతిసారీ అందులో మన చేయి కూడా ఉంటుంది.

తమ్ముడితో ఆమె సంగతి అన్నాను. "నేను చెప్పానని కాదు, మీరే వెళ్లి అడగండి. ఆమెకీ కోతలున్నాయి, ఆమె కూడా కాదనొచ్చు" అన్నాను. మన బరువు దించుకోవడానికి ఇంకొకరి పేరు రాసిచ్చేయకూడదు. నా తొమ్మిది గంటల్లో రెండు ఇస్తానన్నాను: ఒక ఆదివారం కూర్చుని నాటికని ఇరవై ఐదు నిమిషాల నుంచి పన్నెండుకి కుదిస్తాను, అంతే, 14న నన్ను లెక్కలో పెట్టుకోవద్దు.

ఆమె ఒప్పుకుంది. రెండు రిహార్సల్స్ చూసి, పన్నెండు నిమిషాలైనా సరే ఈ కోతల్లో నాటిక అందదని తీసేసింది. కుదించడానికి పెట్టిన నా రెండు గంటలు అలా పోయాయి. ఆమె చేసిందే సరైన పని. పాటలు, డప్పు ఉన్నాయి, ప్రోగ్రామ్ తొమ్మిదింటికల్లా అయిపోయిందట. పెద్దాయన ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మాట్లాడతాడు. వచ్చే ఏడాది జనవరిలోనే ఆ అక్కతో కూర్చోమని తమ్ముడికి చెప్పాను. మిరప కోతలు ఊపందుకోకముందు.

జై భీమ్.