హారతి వేళ ఒక్కటే షాట్

పళ్లెంలో కర్పూరం వెలిగి ఆరిపోయేది నిమిషం లోపే. ఆ కాస్త వ్యవధికి నేను ఏడెనిమిది షాట్లు రాసుకుని మా ఊరి వేణుగోపాలస్వామి గుడికి వెళ్లాను. ధనుర్మాసం, ఇంకా తెల్లవారలేదు. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, భక్తుల ముఖాలు, గంట కొట్టే చెయ్యి, అన్నీ హారతి వెలుగుతుండగానే తీయాలని నా లెక్క.

తిరుప్పావై పాశురం అయింది. ఆరగింపుకి వేసిన తెర తీశారు, గంట మోగింది. నేను ఫోను పైకెత్తి మండపం నడిమికి వెళ్లాను. స్వామికి ఎదురుగా ఉండే ఆ దారిని వదిలి, జనం రెండు పక్కలా నిలబడతారు. అలా వదిలేది అందరికీ దర్శనం అందాలనే. నా వీపు, ఫోను తెర వెలుగు కలిసి వెనకున్న పెద్దావిడకి స్వామిని కనపడనివ్వలేదు. అది గమనించకపోగా, కర్పూరం కొండెక్కాక "స్వామీ, ఇంకొక్కసారి వెలిగిస్తారా?" అని అడిగాను. "కెమెరా కోసం హారతి ఇవ్వం బాబూ" అన్నారు అర్చకులు, గొంతు పెంచకుండానే.

ఇంటికొచ్చి చూస్తే వీడియో కూడా దక్కలేదు. ఎదురుగా నిలబడితే పళ్లెం గుండ్రంగా, వెడల్పుగా తిరుగుతుంది. నిలువు ఫ్రేములో అది ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి జారిపోయింది. కర్పూరం భగ్గుమనగానే ఫోను తనంతట తానే వెలుతురు సర్దుకోబోయి, మంటని తెల్లటి ముద్ద చేసి, చుట్టూ ఉన్నదాన్ని చీకటి చేసింది.

అప్పుడు షాట్ లిస్టు మళ్లీ రాశాను, ఈసారి ఏం కనపడాలన్నది కాక, నా కాళ్లు ఎప్పుడు కదలొచ్చన్నది చూసుకుని. హారతికి ముందు కదలొచ్చు, తరువాత కదలొచ్చు. మధ్యలో మాత్రం ఒకే చోటు, ఒకే షాట్.

ముందు తీసేవి మూడు. నేలకి దగ్గరగా ఫోను పెట్టి, కింద ముగ్గు, పైన ధ్వజస్తంభం కనపడేలా ఒకటి. వత్తులు సర్దే చేతులు ఒకటి. తులసిమాల ఉన్న బుట్ట ఒకటి. ఇవన్నీ జనం రాకముందే, అర్చకుల్ని అడిగి తీసుకోవాలి. మూలవిరాట్టుని తీయొద్దని ఆయన చెప్పింది కూడా అలా అడిగినప్పుడే.

హారతి షాట్‌కి మండపంలో ఎడమవైపు వెనక స్తంభాన్ని ఎంచుకున్నాను. దానికి ఆనుకుంటే చెయ్యి వణకదు, స్టాండు అక్కర్లేదు, నా వెనక ఎవరూ ఉండరు. అక్కడినుంచి రెండింతల జూమ్‌లో గర్భగుడి ద్వారబంధం నిలువు ఫ్రేముని చక్కగా నింపుతుంది. మూలవిరాట్టు ద్వారబంధం చాటున ఉండిపోతుంది. ఏటవాలుగా చూస్తాం కాబట్టి పళ్లెం తిరిగే గుండ్రం సన్నటి కోడిగుడ్డు ఆకారంలో కనపడి ఫ్రేము దాటదు. ఎవరికీ అడ్డం లేని చోటే నిలువు వీడియోకి కూడా సరైన చోటని అప్పుడు తెలిసింది. పళ్లేన్ని ఫ్రేములో మధ్యకంటే కాస్త పైన ఉంచాలి. కింది భాగం మీద ఎలాగూ పేరూ, రాతా వచ్చి పడతాయి.

తెర తీయకముందే బయట వెలుగుతున్న దీపపు సెమ్మె మంట మీద వేలు నొక్కి పట్టి, ఫోకస్, వెలుతురు లాక్ చేసి, వెలుతురు కొంచెం తగ్గిస్తాను. ఆ మంటకి కుదిరిన కొలత కర్పూరానికీ దాదాపు సరిపోతుంది. సెమ్మె, గర్భగుడి ఇంచుమించు ఒకే దూరంలో ఉండాలి, లేకపోతే ఫోకస్ తప్పుతుంది. ఫ్లాష్ ఆపి, ఫోను మోగకుండా చేసి, తెర వెలుగు బాగా తగ్గించి, ఫోను గుండెల ఎత్తులోనే పట్టుకుంటాను. ట్యూబ్‌లైట్ల వల్ల గోడ మీద నల్లటి చారలు పాకుతుంటే సెకనుకి 25 ఫ్రేములు పెట్టుకుంటే చాలాసార్లు పోతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా. గంటకి ముందే రికార్డింగ్ మొదలుపెట్టి, శబ్దం ఆగాకే ఆపుతాను. ఆ ఒక్క ధ్వనే వీడియో మొత్తానికి సరిపోతుంది. గంట దగ్గర నిలబడితే మాత్రం మైకులో శబ్దం చిట్లి మంత్రం వినపడదు.

తరువాత తీసేవి రెండే. పళ్లెం జనంలోకి వచ్చినప్పుడు భుజం వెనకనుంచి మంట మీదికి చాచిన అరచేతులు, దొన్నెలో చక్కెరపొంగలి. కళ్లు మూసుకున్న ముఖాలు జాబితాలోంచి తీసేశాను. వాళ్లని ఆ క్షణాన అనుమతి అడగలేం, అడగకుండా తీయలేం.

కూర్పులో ముందు మూడూ మూడేసి సెకన్లు, హారతి కత్తిరించకుండా పాతిక సెకన్లు, చివరి రెండూ నాలుగేసి. వైకుంఠ ఏకాదశి లాంటి రోజున ఆ స్తంభం పక్కన కూడా భక్తులే ఉంటారు. ఆ రోజు ధ్వజస్తంభం, మాల, దొన్నె తీసుకుంటాను. హారతి షాట్‌ని జాబితాలోంచి కొట్టేస్తాను.