డల్లాస్‌లో సోమవారం రాత్రి, సున్నిపెంటలో మంగళవారం పొద్దున

మా తమ్ముడు డల్లాస్‌లో, ఇల్లు సున్నిపెంటలో, తాళం నా దగ్గర. స్లాబు కారుతోందంటే మార్కాపురం నుంచి కాంట్రాక్టరు చూడ్డానికి వస్తానన్నాడు. టైము కుదర్చడమే అసలు పని.

దోర్నాల దగ్గర ఫారెస్టు గేటు రాత్రి 9కి మూస్తే పొద్దున 6కే తీస్తారు. ఆపైన ఘాటు రోడ్డు. అందుకే మంగళవారం 9 గంటలన్నాం. అప్పుడు వాడికి సోమవారం రాత్రి పదిన్నర, వీడియోలో చూడగలడు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం మారుతుంది, ఆ తర్వాతైతే తొమ్మిదిన్నరే. కార్తీక సోమవారాలు మాత్రం వద్దు, ఆ రద్దీలో ఎవరూ మాట నిలబెట్టుకోలేరు.

ఎండిన మిద్దెను చూసి కాంట్రాక్టరు ఏం చెప్తాడు? మొత్తం వాటర్‌ప్రూఫింగ్ చేయాలంటాడు! అందుకే ముందే ట్యాంకు వాల్వు కట్టేసి, తడి మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి రెండు రోజులు చూశా. మరక ఆరిపోతే తప్పు పైపుది. ఆరలేదు, అలాగని పెరగనూ లేదు. అందుకే సోమవారం పొద్దున మిద్దె మీద నీళ్లు పోయే తూములకు గుడ్డలు కుక్కి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టా. మంగళవారానికి మరక గీత దాటింది. అంటే స్లాబే.

రేటు సంగతి నన్నడిగితే "మా తమ్ముడితో మాట్లాడుకో నాయనా" అన్నా. తాళం పట్టుకున్నవాళ్లు బేరం ఒప్పుకోకండి, కొలతలు మాత్రం దగ్గరుండి రాయించండి.