తోక చూసి చదవాలి

మూడో తరగతిలో కన్నడ పుస్తకం తెరిచి, "2నే పాఠ" అని ఉన్నదాన్ని "రెండో పాఠ" అని గట్టిగా చదివేశాను. క్లాసంతా నవ్వింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. అంకె కనబడగానే నోటికి ఇంటి మాటే వచ్చింది. ఈమధ్య కె.ఆర్.పురం ఇంట్లో, ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట అక్కాడియన్ నేర్చుకుంటుంటే, ఆ రోజు నేను చేసిన తప్పేమిటో సరిగ్గా తెలిసింది.

అక్కాడియన్ అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతపు పాత భాష. మట్టి పలకల మీద మేకుల్లాంటి గీతలతో రాసేవాళ్ళు. ఆ లిపిని సుమేరియన్ భాష నుంచి తెచ్చుకున్నారు. అందుకే ఒక గుర్తును ధ్వనిగా చదవచ్చు, పూర్తి మాటగా చదవచ్చు, ఒక్కోసారి పలక్కుండా వదిలేయాలి.

సూర్యదేవుడి ప్రార్థనల్లో తరచూ వచ్చే సంబోధన ఒకటి తీసుకున్నాను. ఎనిమిది గుర్తులు: అన్, ఉద్, లుగల్, అన్, ఎ, ఉ, కి, తిమ్.

"ఉద్" గుర్తును ఉత్ అనీ, తమ్ అనీ, పర్ అనీ పలకచ్చు. మాటగా తీసుకుంటే పగలు, తెలుపు, సూర్యుడు. "అన్" మాటగా ఆకాశం, లేదా దేవుడు. "లుగల్" అంటే రాజు. నేను "ఆకాశం, పగలు, రాజు" అని చదివేసి సంతోషపడ్డాను. వినడానికి బాగానే ఉంది. కానీ టెస్టింగ్ పని చేసేదాన్ని కదా, వెంటనే అనుమానం వచ్చింది. రాజు సరే, దేనికి రాజు?

జవాబు తర్వాతి గుర్తుల్లో ఉంది. రెండో "అన్" వెనక "ఎ" అనే తోక ఉంది. ఆకాశాన్ని అక్కాడియన్‌లో షమూ అంటారు, "ఆకాశానికి చెందిన" అంటే షమే. ఆ చివరి ధ్వనినే తోక చూపిస్తోంది. అలాగే "కి" అంటే భూమి, ఎర్సెతు. వెనక "తిమ్" ఉంది కాబట్టి ఎర్సెతిమ్. మధ్యలో "ఉ" అంటే "మరియు". ఇక మొదటి "అన్"కి తోక లేదు. వెనక వచ్చేది దేవుడి పేరని చెప్పే గుర్తు అది, దాన్ని పలకకూడదు. అప్పుడు "ఉద్" పగలు కాదు, షమష్.

షమష్ షర్ షమే ఉ ఎర్సెతిమ్. సూర్యదేవా, భూమ్యాకాశాల రాజా.

ఇన్ని చదువులుంటే ఎవరికి తోచింది వాళ్ళు చదువుకోవచ్చు కదా అని అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1857లో లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ, ఒకే అస్సీరియన్ రాజశాసనానికి రాలిన్సన్, హింక్స్, ఓపెర్ట్, టాల్బట్ విడివిడిగా చేసిన అనువాదాలను పోల్చి చూసింది. ముఖ్యమైన చోట్లన్నీ కలిశాయి. గుర్తు ఒక్కటే చూస్తే అనుమానం, పక్కవాటితో కలిపి చూస్తే దారి దొరుకుతుంది.

మా వీధి మొదట్లో "2నే క్రాస్" బోర్డుంది. "2" ఏ భాషదీ కాదు. "నే" మాత్రం కన్నడది. ఎరడనే అని చదవమని అది చెబుతూనే ఉంది. మూడో తరగతిలో నేను చూడనిది ఆ తోకనే.