ఆరు సెకన్ల ఆవకాయ

యూట్యూబులో పాట పెట్టుకుంటే, పాట కంటే ముందు ఏదో ప్రకటన వచ్చి కూర్చుంటుంది కదండీ! అందులో ఒక రకం ఆరు సెకన్లకు మించదు. వద్దనుకుని దాటేద్దామన్నా వీలుండదు. దాన్ని బంపర్ అంటారు. 2016లో మొదలుపెట్టారు. ఆరు సెకన్లంటే గ్లాసెడు మంచినీళ్లు గటగటా తాగేంత సేపు. అంతలో ఏం చెబుతారులే అనుకుంటాం గాని, చెప్పేవాళ్లు చెబుతూనే ఉన్నారు.

ప్రకటనల కంపెనీలో పనిచేస్తున్న నా పాత శిష్యుడొకడు 2024 వేసవిలో ఒక ఊరగాయల వ్యాపారి తాలూకు స్క్రిప్టు పట్టుకొచ్చాడు. ముప్ఫై సెకన్లది. "మాస్టారూ, దీన్ని ఆరుకి దించాలి. పాపం ఆయన అప్పు తెచ్చి సరుకు పెట్టాడు, ఈ సీజను పోతే మరి లేవలేడు. తెలుగు సంగతి మీరు చూడాలి" అన్నాడు.

స్క్రిప్టు బాగానే ఉంది. అమ్మమ్మ దగ్గరుండి కాయలు కొట్టించడం, పిల్లలు చుట్టూ మూగడం, మనవడి అమెరికా ప్రయాణం, పెట్టెలో సీసా, ఏడాది తరవాత అక్కడ ముక్క కొరికితే కటుక్కుమనడం. ఆపైన నువ్వులనూనె, గుంటూరు కారం, ధర, ఇంటికే పంపడం. అన్నీ ఉన్నాయి.

మావాడి మొదటి కోతలోనూ అన్నీ ఉన్నాయి! సెకనుకొక బొమ్మ చొప్పున ఆరు బొమ్మలు. వెనక గొంతు పరుగో పరుగు. ఎక్స్‌ప్రెస్ రైల్లో కూర్చుని చిన్న స్టేషన్ల పేర్లు చదవబోయినట్టుంది. ఇలా కుదించడం కోత కాదండీ, కుక్కడం. మామూలుగా మాట్లాడితే సెకనుకి ఆరక్షరాలు పలుకుతామని గడియారం పెట్టి చూశాం. అంటే మొత్తం ముప్ఫయ్యారు. పేరుకూ, చెవి కుదురుకోవడానికీ కొంత పోతే, మాటకి మిగిలేది ఇరవై.

"వీటిలో ఒక్కటే ఉంచాలంటే ఏదోయ్?" అన్నాను. వ్యాపారికి నూనె మీద ప్రేమ. కాని నూనె మంచిదని తెర మీద చూపడమెలా? ధర తక్కువని అందరూ అంటారు. ముక్క మెత్తబడకపోవడం మాత్రం చెప్పనక్కరలేదు, వినిపిస్తుంది. కథకి మలుపూ అదే. కనుక అమ్మమ్మా అమెరికా పోయి, కొరుకుడు మిగిలింది.

ఇక మాట. అతను రాసింది: "ఏడాదైనా ముక్క మెత్తబడదు." వాక్యం తప్పేం కాదు. అయితే మన భాషలో కాదనే మాట క్రియ చివర అతుక్కుంటుంది. సంగీతం పైకి లేచి ఆ 'దు' కాస్తా మింగేసిందా, వినేవాడి చెవిన పడేది 'మెత్తబడ' మాత్రమే! ఏది లేదని చెప్పాలో అదే మనసులో నాటుతుంది. ముప్ఫై సెకన్లలో అయితే మరో వాక్యం వచ్చి సర్దుతుంది. ఆరులో ఆ అవకాశం లేదు. అందుకని ఔనని చెప్పేలా తిప్పాం: "ఏడాదైనా ముక్క కరకరే!" పదే అక్షరాలు. రెండు సెకన్లలోపు.

అతను ఇంట్లోనే సెల్‌ఫోనుతో ఒక నమూనా తీసి, చుట్టుపక్కల అయిదుగురికి ఒక్కసారి చూపాడు. పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, "ఇందాక చూసింది దేని గురించి?" అని అడిగాడు. ముగ్గురు చిప్స్ అన్నారు! మొదటి బొమ్మే అమ్మాయి నోరు, కటుక్కున చప్పుడు. ఇంకేమనుకుంటారు మరి? సీసా చివరి సెకనులో గాని రాలేదు.

అప్పుడు వరస మారింది. మొదటి రెండు సెకన్లూ సీసా. మూత మీద చేతిరాతతో '2023 మే' అని చీటీ. ఎర్రటి నూనెలోంచి ముక్క తెల్లటి అన్నం మీదికి వస్తుంది. మూడో సెకను కొరుకుడు, వెనక సంగీతం లేదు. తక్కిన మూడు సెకన్లలో ఆ మాట, వ్యాపారి పేరు. ఫోను నోరు నొక్కి చూసేవాళ్లు బోలెడుమంది గనుక ఆ మూడు మాటలూ తెర మీద పెద్దక్షరాల్లో కూడా. సీసా మొదటినుంచి చివరిదాకా కనబడుతూనే ఉంటుంది. ఈసారి వేరే అయిదుగురిలో నలుగురు "పాతబడ్డా గట్టిగా ఉండే ఆవకాయ" అన్నారు. అయిదో ఆవిడ పేరు కూడా చెప్పింది.

వ్యాపారి మాత్రం, "ముక్క ఎందుకు గట్టిగా ఉంటుందో చెప్పలేదేమండీ? కాయ కోసిన రోజే కొట్టిస్తాం, తడి తగలనివ్వం" అన్నాడు. న్యాయమే. కాని ఆ 'ఎందుకు' ఆరు సెకన్లలో ఇమడదు. అది ముప్ఫై సెకన్ల దానిలోనే ఉండాలి. అందుకే దాన్ని పారెయ్యలేదు. ముందు కొన్నాళ్లు అదే వేసి, తరవాత గుర్తుచెయ్యడానికి దీన్ని వెయ్యమన్నాం. "అయితే నూనె సంగతి?" అన్నాడాయన మళ్లీ. దానికి వేరే ఆరు సెకన్లు కావాలని మావాడు చెప్పాడు.