పాస్‌వర్డు దొరకలేదు, కోత మాత్రం ఆగింది

మా ఇంటిది పోయి రెండేళ్ళయింది. ఆమె సెల్లులో పాటల యాప్‌కి నెలనెలా 149 రూపాయలు మాత్రం నా ఖాతాలోంచి పోతూనే ఉన్నయి. వెయ్యి పైచిలుకు వచ్చే మిల్లు పింఛనుకు అది చిన్న కోత కాదు.

యాప్ తీసేస్తే సరిపోతుందని చాలామంది అంటరు. సెల్లులోంచి యాప్ పోతుంది, డబ్బు కోత పోదు. ఆ ఖాతాలోకి పోయి, చందా రద్దు చెయ్యాలె. దానికి ఆమె ఈమెయిలు కావాలె. అది అప్పుడు ఎవరో పెట్టిచ్చిన్రు, మాకెవరికీ యాదిలేదు.

మా మనవరాలు కూచొని చూసింది. లాగిన్ కాడ Forgot email? అని ఉంటది. అది నొక్కితే ఫోన్ నంబరు, ఖాతాలో రాసిన పేరు అడిగింది. రెండూ ఇచ్చినం. తర్వాత అంకెలు ఆ నంబరుకే పంపుతమన్నది. ఆ సిమ్ము రీచార్జి లేక ఎప్పుడో బందయింది. Try another way అని నొక్కినా వేరే దారి రాలేదు. పాత సెల్లు నడిస్తే అందులోనే, ఇంట్లోనే కూచొని చెయ్యాలె. ఎప్పుడూ వాడిన సెల్లునైతే మెయిలు కంపెనీ తొందరగా నమ్ముతది. మా దాని బ్యాటరీ ఉబ్బిపోయింది.

అప్పుడు మనవరాలు అడిగింది, "తాతా, డబ్బు పోయేది అమ్మమ్మ ఖాతాలోంచా, నీ ఖాతాలోంచా?" నాదే. మొదట్ల ఒప్పుకున్న పిన్ను కూడా నాదే. సాంచా మీద దారం చిక్కుపడితే బట్ట దిక్కు గుంజము, బీము దిక్కు పోయి వెతుకుతము. ఇదీ అట్లనే.

ఏ యూపీఐ యాప్‌లో ఒప్పుకున్నమో అదే యాప్ తెరిచి, ప్రొఫైల్‌లో Autopay నొక్కినం. నెలనెలా కోసే వాటి పేర్లన్నీ అక్కడ వరుసగా ఉన్నయి. పాటల కంపెనీ పేరు, 149 చూసి దాన్ని తెరిచినం. Pause, Cancel అని రెండున్నయి. కొన్ని యాప్‌లలో Cancel బదులు Revoke అని ఉంటది. Pause కొన్నాళ్ళే ఆపుతది, అందుకని Cancel నొక్కి, నా పిన్ను కొట్టినం. రద్దయిందని మెసేజి వచ్చింది. ఆమె పాస్‌వర్డు అవసరమే పడలేదు.

దీనితో పాటల ఖాతా మూయబడదు, డబ్బు మాత్రమే ఆగుతది. అంతకు ముందు పోయిన డబ్బు తిరిగి రాదు. కార్డు మీద కోత అయితే ఈ పేరు యూపీఐలో కనబడదు. బ్యాంకుకు పోయి కార్డు మీది ఆటో పేమెంటు ఆపమని చెప్పాలె.

కోతకు ముందురోజు రేపు ఇంత పోతదని మెసేజి వస్తది. మరుసటి నెల ఆ తేదీకి అది రాలేదు. పాస్‌బుక్కు ప్రింటు తీయిచ్చి చూసిన, 149 లేదు.